నాలుగు గంటల క్యారేజీ: ప్రీడయాబెటిస్ ఉన్న ఒక యువ ఉద్యోగి తిండి లెక్క

మన సొసైటీ వైద్య పరీక్షల బల్ల దగ్గరకు వచ్చేవాళ్లలో ఒకప్పుడు యాభై దాటినవాళ్లే ఎక్కువ. ఇప్పుడు ముప్పై నిండనివాళ్లు కూడా వేలు చాపి షుగరు చూడమంటున్నారు. వాళ్లకు కాగితం మీద ఒక అంకె రాసిచ్చి, "అన్నం తగ్గించు, తీపి మానెయ్యి, వేళకు తిను" అని చెప్పి పంపడం తేలిక. ఆ మూడు మాటల వల్ల పని జరగదని మాకు తెలిసివచ్చింది. అందుకే ఈ సంచికలో ఒక్క యువకుడి సంగతి మాత్రమే మొదటి నుంచి చివరి దాకా చెబుతున్నాం. అతని అనుమతితోనే రాస్తున్నాం, పేరు మాత్రం రాయడం లేదు.

అతనికి 29 ఏళ్లు. ఇల్లు విజయనగరంలో, ఉద్యోగం విశాఖపట్నంలో. ఫోన్ల మీద ఖాతాదారులకు జవాబులు చెప్పే ఆఫీసు. పగలు పన్నెండున్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా షిఫ్టు. పదిన్నరకు ఇంట్లో బయలుదేరి రైలెక్కుతాడు, రాత్రి పదకొండున్నరకు ఇల్లు చేరతాడు. వారానికి ఆరు రోజులు ఇదే వరస. నెలాఖరులో ఇంకో గంట ఆలస్యం. తండ్రికి నలభై అయిదో ఏట షుగరు వచ్చింది. ఆ భయంతోనే అతను ఒక ఆదివారం ఉదయం ఏడున్నరకు, ఏమీ తినకుండా, మా దగ్గరకు వచ్చాడు. చేతి మిషన్ 118 చూపించింది.

ఆ 118ని మేము ఎందుకు నమ్మలేదు

పరగడుపున 100 లోపు ఉంటే మామూలు. 100 నుంచి 125 దాకా ప్రీడయాబెటిస్. 126, ఆ పైన షుగరు జబ్బు. ఈ లెక్కన 118 ప్రీడయాబెటిస్ కిందకే వస్తుంది. కానీ మేము అడిగిన మొదటి ప్రశ్న, "రాత్రి ఎన్నింటికి తిన్నావు బాబూ?" అని. "పన్నెండు అయింది సార్, నిన్న రైలు ఆలస్యం" అన్నాడు. అంటే తిని ఏడున్నర గంటలే అయింది. పరగడుపు పరీక్షకు కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉండాలి. రాత్రి పొద్దుపోయి తినేవాళ్లు పొద్దున్నే వచ్చి "పరగడుపే" అంటారు. వాళ్ల దృష్టిలో అది నిజమే, పరీక్ష దృష్టిలో కాదు.

రెండో సంగతి మిషన్‌ది. వేలి చుక్కతో చూసే మిషన్ అంకె ప్రయోగశాల అంకెకు నూటికి పదిహేను దాకా అటూ ఇటూ ఉండవచ్చు. 118 అని చూపించినప్పుడు అసలు అంకె 105 కావచ్చు, 130 కావచ్చు. ఒకటి ప్రీడయాబెటిస్, మరొకటి షుగరు జబ్బు. కనుక చేతి మిషన్ అనుమానం చెప్పడానికే, నిర్ణయం చెప్పడానికి కాదు.

అతన్ని మరో ఆదివారం, శనివారం రాత్రి పదింటికే తినేలా చూసుకుని, ప్రయోగశాలకు వెళ్లమన్నాం. రక్తనాళం నుంచి తీసిన రక్తంలో పరగడుపు 108 వచ్చింది. దానితోపాటు హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా చేయించాం. ఇది గడచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, అన్నాళ్లూ దానికి అంటుకున్న చక్కెరే ఈ అంకె. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, 6.5 నుంచి షుగరు జబ్బు. అతనికి 6.0 వచ్చింది. రెండు పరీక్షలూ ఒకే మాట చెప్పాయి కనుక ఇప్పుడు నమ్మాం.

ఇక్కడ మన రెండు జిల్లాల వాళ్లు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. హెచ్‌బీఏ1సీ అందరిలోనూ నిజం చెప్పదు. ఇనుము తక్కువై రక్తహీనత ఉంటే ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. మన ఆడపిల్లల్లో ఇది తరచూ చూస్తాం. ఏజెన్సీ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బులో ఎర్రకణాలు త్వరగా నశిస్తాయి కనుక తక్కువగా కనిపించవచ్చు. అందుకే హిమోగ్లోబిన్ చూడకుండా ఈ అంకెను చదవకూడదు. అతని హిమోగ్లోబిన్ 14. ఇబ్బంది లేదు.

ఇంకో పరీక్ష కూడా చేయించాం. అతని తల్లి పుట్టిల్లు కవిటి వైపు, అంటే ఉద్దానం. ఆ ప్రాంతంలో షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీ జబ్బు వస్తోందన్నది మనందరికీ తెలిసిన బాధ. తిండి మార్పుల్లో పప్పు, గుడ్డు, మాంసం పెంచమని చెప్పబోతున్నప్పుడు ముందుగా కిడ్నీ సరిగా ఉందో లేదో తెలియాలి. క్రియాటినిన్ 0.9 వచ్చింది, మూత్రంలో ప్రోటీన్ పోవడం లేదు. అది సరిగా లేకపోయి ఉంటే కింద రాసిన క్యారేజీ మేము చెప్పేవాళ్లం కాదు, కిడ్నీ డాక్టరు దగ్గరకు పంపేవాళ్లం.

ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 76 కిలోలు. చూడటానికి లావు అనిపించడు. కానీ బొడ్డు చుట్టూ టేపు పెడితే 96 సెంటీమీటర్లు వచ్చింది. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 దాటకూడదు. ప్యాంటు సైజు అడిగి రాసుకోవడం తప్పు. ప్యాంటు బొడ్డు కిందికి జారి ఉంటుంది, పొట్ట దాని మీద ఉంటుంది.

మూడు రోజుల కాగితం

తర్వాత అతనికి ఒక కాగితం ఇచ్చాం. రెండు పనిరోజులు, ఒక ఆదివారం. నోట్లో ఏది పడినా, ఎన్నింటికి, ఎంత, ఎక్కడ అన్నది రాయాలి. మంచిగా కనిపించడానికి తిండి మార్చవద్దని గట్టిగా చెప్పాం. "బాగా తినను సార్, రోజుకు ఒక్కపూటే అన్నం" అని అతను ముందే చెప్పాడు. అది అబద్ధం కాదు. కాగితం మాత్రం ఇంకాస్త చెప్పింది.

పనిరోజు ఇలా గడిచింది. రాత్రి ఒంటిగంటన్నరకు నిద్ర. ఫజ్ర్‌కు లేచి నమాజు చేసి మళ్లీ పడుకుని ఎనిమిది ముప్పావుకు లేచాడు. ఒక టీ, నాలుగు బిస్కెట్లు. తల్లి ఇడ్లీ పెడితే ఆకలి లేదన్నాడు. పదిన్నరకు బయలుదేరాడు. ఒంటిగంటకు టీ. నాలుగింటికి రెండు సమోసాలు, టీ. ఆరున్నరకు టీ. ఎనిమిదిన్నరకు టీ, బిస్కెట్లు. పదకొండున్నరకు ఇంట్లో అన్నం.

ఆ అన్నం ఎంత అన్నది మాటల్లో తేలదు. "ఒక ప్లేటు" అంటారు, ప్లేటు ఎవరిది వాళ్లది. ఇంట్లో కూరగాయలు తూచే చిన్న కాటా ఉంటే దాని మీద పెట్టి ఫోటో తీయమన్నాం. వండిన అన్నం 480 గ్రాములు. నూరు గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అంటే ఆ ఒక్క కూర్చోవడంలో అన్నం నుంచే 135 గ్రాములు, అదీ పడుకోబోయే ముందు. రాత్రి పొద్దుపోయాక మన శరీరం చక్కెరను పగలు సర్దినంత బాగా సర్దలేదు. అదే అన్నం మధ్యాహ్నం తింటే రక్తంలో చక్కెర అంతగా పెరగదు.

టీల సంగతి. కొట్టులో టీకి రెండు చెంచాల పంచదార, అంటే సుమారు పది గ్రాములు. అయిదు టీలకు యాభై. ఒక రోజుకు పైనుంచి వేసుకునే చక్కెర పాతిక గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. "నేను తీపి తినను" అని చెప్పే ఈ యువకుడు టీలోనే దానికి రెట్టింపు తాగుతున్నాడు.

ఆదివారం కాగితం వేరుగా ఉంది. పదింటికి ఇడ్లీ, రెండింటికి బిర్యానీ, రాత్రి తొమ్మిదింటికి రెండు చపాతీలు. టీలు రెండే. బిర్యానీ ఉన్న రోజే అతని తిండి మిగతా ఆరు రోజుల కంటే నయంగా ఉంది. తప్పు పదార్థంలో కంటే గడియారంలో ఎక్కువ ఉందని అప్పుడు అర్థమైంది.

ముడి ఎక్కడ విప్పాలి

ఈ కాగితాన్ని చూస్తే ఒక ముడి కనిపిస్తుంది. అర్ధరాత్రి కడుపు నిండా తింటాడు కనుక పొద్దున ఆకలి ఉండదు. పొద్దున తినడు కనుక పగలంతా టీ, సమోసా, బిస్కెట్లతో నెట్టుకొస్తాడు. అవి నిలవవు కనుక రాత్రికి ఆకలి దంచేస్తుంది. మళ్లీ అర్ధరాత్రి కడుపు నిండా తింటాడు.

మామూలుగా ఇచ్చే సలహా రెండు కొసల నుంచి లాగుతుంది. "పొద్దున టిఫిన్ మానకు" అంటాం, ఆకలి లేనివాడు ఎలా తింటాడు? "రాత్రి తక్కువ తిను" అంటాం, పన్నెండు గంటలుగా అన్నం లేనివాడు ఎలా ఆగుతాడు? అతను వినకపోతే మొండివాడు అంటాం. ముడి విప్పవలసింది మధ్యలో, సాయంత్రం నాలుగింటి దగ్గర. ఆ వేళకు అసలైన భోజనం పడితే రాత్రి ఆకలి దానంతట అదే సగమవుతుంది. రాత్రి తగ్గితే పొద్దున ఆకలి దానంతట అదే వస్తుంది.

ఇది చెబితే అతను, "మా ఆఫీసులో కుదరదు సార్. ఫోను పెట్టేసి లేవనివ్వరు" అన్నాడు.

"రంజాన్‌లో ఇఫ్తార్ ఎక్కడ చేశావు?"

"ఆఫీసులోనే సార్."

"ఎన్ని రోజులు తప్పింది?"

అతను కాసేపు ఆలోచించాడు. ఒక్కరోజూ తప్పలేదు. మేనేజరుకు ముందే చెప్పి ఉంచాడు. మగ్రిబ్ వేళకు పదిహేను నిమిషాలు లేచేవాడు, పక్క సీటు అబ్బాయి అతని ఫోను చూసేవాడు. ఖర్జూరం, పళ్లు ఇంటి నుంచే డబ్బాలో తెచ్చుకునేవాడు. అంటే ఆ ఆఫీసులో వేళకు తినడం సాధ్యమేనని అతనే ముప్పై రోజులు రుజువు చేశాడు. మిగతా పదకొండు నెలలు ఆ పదిహేను నిమిషాలు అడగలేదు, అంతే. "రోజా కోసం అడగడానికి సిగ్గు లేదు సార్, తిండి కోసం అడగాలంటే సిగ్గు" అన్నాడు. ఆ మాట మేము మరిచిపోలేదు. అలా సిగ్గుపడేవాళ్లు మన పిల్లల్లో ఇంకా ఉంటారు.

మూడే లక్ష్యాలు, ఒకదాని తర్వాత ఒకటి

తిండి లక్ష్యం అంటే లెక్కపెట్టగలిగేది కావాలి. "ఆరోగ్యంగా తినాలి" అన్నది లక్ష్యం కాదు, అది చేశాడో లేదో ఎవరూ చెప్పలేరు. మూడు లక్ష్యాలు రాసుకున్నాం. మూడూ ఒకేసారి మొదలుపెట్టలేదు.

మొదటిది: వారంలో ఆరు పనిరోజుల్లో అయిదు రోజులు నాలుగు, నాలుగున్నర మధ్య క్యారేజీ తినాలి. ఆరో రోజు తప్పవచ్చు, దానికి లెక్క అడగం. క్యారేజీలో వండిన అన్నం 200 గ్రాములు, అంటే సుమారు కప్పున్నర. రెండు కోడిగుడ్ల కూర గానీ, నాలుగు ముక్కల కోడి కూర గానీ, చేప గానీ, గట్టిగా వండిన పప్పు గానీ. ఒక కప్పు కూరగాయ, బీరకాయో దొండకాయో బెండకాయో, ఇంట్లో ఏది వండితే అది. ముందు కూరా గుడ్డూ, తర్వాత అన్నం. ఇలా వరస మార్చితే అదే అన్నం రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. తిన్నాక పదిహేను నిమిషాలు నడక. అతను టీ కోసం కిందికి దిగేది ఎలాగూ ఆ వేళకే.

క్యారేజీకి ఒక చిక్కుంది, దాన్ని ముందే అడగాలి. పదింటికి కట్టిన అన్నం మన కోస్తా ఉక్కలో నాలుగింటికి పాడవుతుంది. కొన్నిసార్లు వాసన రాకుండానే పాడవుతుంది, తింటే వాంతులు అవుతాయి. ఒకసారి కడుపు చెడితే ఇక ఆ క్యారేజీ మళ్లీ ఎత్తరు. అతని ఆఫీసులో ఫ్రిజ్, వేడిచేసే ఓవెన్ ఉన్నాయి. చేరగానే ఫ్రిజ్‌లో పెట్టడం, నాలుగింటికి బాగా పొగలు వచ్చేలా వేడిచేయడం అలవాటు చేశాం. ఫ్రిజ్ లేని ఆఫీసు అయితే అన్నం బదులు మూడు చపాతీలు, నీరు లేకుండా వేయించిన కూరగాయ, వేయించిన శనగలు కట్టించేవాళ్లం. గుడ్డు, మాంసం అంతసేపు బయట ఉంచేవి కావు.

రెండోది: పంచదార టీలు రోజుకు రెండే. టీ కొట్టులో పంచదార మరుగుతున్నప్పుడే పడుతుంది, తర్వాత "తక్కువ వేయండి" అంటే కుదరదు. అందుకే చెంచాలు తగ్గించమని చెప్పకుండా టీలనే తగ్గించమన్నాం. పొద్దున ఇంట్లో ఒకటి, ఆరున్నరకు ఒకటి అతనే ఎంచుకున్నాడు. మిగతా వేళల్లో పంచదార లేని టీ గానీ మజ్జిగ గానీ. యాభై గ్రాములు ఇరవైకి దిగుతాయి. బెల్లం టీ, తేనె టీ కూడా ఈ రెండింటి లెక్కలోకే వస్తాయి. శరీరానికి అవన్నీ చక్కెరే.

మూడోది: రాత్రి ప్లేటులో అన్నం ఒక కప్పు, అంటే 150 గ్రాములు. మిగతాది పప్పు, కూర, పెరుగు. ఇది మూడో వారం నుంచి మాత్రమే. నాలుగింటి క్యారేజీ స్థిరపడకముందు దీన్ని మొదలుపెట్టవద్దని గట్టిగా చెప్పాం.

లెక్క చూడండి. ముందు రాత్రి ఒక్కపూట అన్నంలో 135 గ్రాముల పిండిపదార్థం. ఇప్పుడు నాలుగింటికి 56, రాత్రి 42, రెండూ కలిపి 98. అన్నం మానలేదు, రెండు చోట్లకు పంచాం, కొంత తగ్గించాం. రోజుకు రెండుసార్లు అన్నం తింటున్నా మొత్తం తగ్గింది. "రెండుపూటలా అన్నమా?" అని కంగారుపడిన అతని తల్లికి ఈ లెక్కే చూపించాం.

బరువు విషయంలో ఆరు నెలల్లో నాలుగు కిలోలు అనుకున్నాం. అంటే ఉన్న బరువులో నూటికి అయిదు. అంతకంటే పెద్ద అంకె చెబితే మొదటి నెలలోనే నిరాశపడతారు.

ఎక్కడ తప్పింది

మొదటి వారం క్యారేజీ నాలుగు రోజులు ఖాళీగా ఇంటికి వచ్చింది. రెండో వారం అతను మా మాట దాటి ఉత్సాహంగా రాత్రి అన్నం పూర్తిగా మానేశాడు. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు ఆకలితో నిద్రపట్టక ఒంటిగంటకు లేచి మిగిలిన అన్నం, దాని మీద రెండు అరటిపళ్లు, బిస్కెట్ ప్యాకెట్టు తినేశాడు. ఇది చాలామందికి జరుగుతుంది. దాన్ని బలహీనత అనకూడదు, లెక్క తప్పడం అనాలి. పూట మానడం మన పథకంలో లేదు, పూట జరపడమే ఉంది.

రెండో పొరపాటు ప్రేమతో జరిగింది. చోళ్లు షుగరుకు మంచివని ఎవరో చెబితే తల్లి పొద్దున్నే పెద్ద గ్లాసుడు చోడి జావ, బెల్లం వేసి ఇవ్వడం మొదలుపెట్టింది. చోళ్లు మంచి ధాన్యమే, కాల్షియం ఎక్కువ, పీచు ఉంది. కానీ మెత్తగా పట్టించి, పలచగా కాచి, గటగట తాగితే రక్తంలో చక్కెర అన్నంలాగే వేగంగా పెరుగుతుంది. బెల్లంతో ఇంకా ఎక్కువ. పైగా అది అన్నానికి బదులు రాలేదు, అదనంగా వచ్చింది. ఆమెను మేము తప్పుపట్టలేదు. "అమ్మా, జావ కాకుండా చోడి రొట్టె చేయండి, గుడ్డుతో పెట్టండి, అది పెట్టిన పూట అన్నం వద్దు" అన్నాం. నాలుగో వారానికి అతనికి పొద్దున ఆకలి వేయడం మొదలైంది. అప్పటి నుంచి ఒక రొట్టె, ఒక గుడ్డు గానీ, రెండు పెసరట్లు గానీ తిని బయలుదేరుతున్నాడు. దీన్ని మేము లక్ష్యంగా రాయనే లేదు. ముడి విప్పితే వచ్చింది.

మూడోది నెలాఖరు. షిఫ్టు పొడిగినప్పుడు ఎనిమిదిన్నరకు మళ్లీ సమోసాల వైపు చెయ్యి పోయింది. దానికి బ్యాగులో వేయించిన శనగల పొట్లం పెట్టించాం, గుప్పెడు చొప్పున. పెళ్లి బిర్యానీల సంగతి అతనే అడిగాడు. పెళ్లి మానమని మేము ఎవరికీ చెప్పం. ముందు కబాబు, పెరుగుచట్నీ, తర్వాత ఒక్కసారి వడ్డించుకున్న బిర్యానీ, తీపి ఒక్క చెంచా, శీతల పానీయం వద్దు. ఆ రోజు మరో పూట తేలిక. నెలకు రెండు పెళ్లిళ్లు ఎవరికీ షుగరు తేవు, ఇరవై ఆరు పనిరోజులు తేగలవు.

మూడు నెలల తర్వాత

హెచ్‌బీఏ1సీని నెలకే మళ్లీ చూస్తే పాత రక్తకణాల లెక్కే ఎక్కువ కనిపిస్తుంది. అందుకే మూడు నెలలు ఆగాం. 6.0 ఉన్నది 5.8 అయింది. పరగడుపు 108 ఉన్నది 102. బరువు 73 కిలోల చిల్లర. నడుము 93. క్యారేజీ సగటున వారానికి నాలుగున్నర రోజులు. పంచదార టీలు కొన్ని రోజులు మూడయ్యాయి, అతనే చెప్పాడు.

ఇది గెలుపు అని మేము అనడం లేదు. 5.8 ఇంకా ప్రీడయాబెటిస్సే. హెచ్‌బీఏ1సీలో 0.2 తేడా కొంత పరీక్షలోని తేడా కూడా కావచ్చు. కానీ నడుము, బరువు, పరగడుపు అంకె మూడూ ఒకే వైపు కదిలాయి కనుక దారి సరైనదే అనుకుంటున్నాం. ఇలాంటి మార్పులకు ఎంత బలముందో మన దేశంలోనే తూచి చూశారు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 35 నుంచి 55 ఏళ్ల మధ్య ప్రీడయాబెటిస్ ఉన్న 531 మందిని మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రచురించింది. మామూలు సలహాతో సరిపెట్టినవాళ్లలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో 39 మందికి వచ్చింది. తేడా పెద్దదే, కానీ మార్చుకున్నా కొందరికి వచ్చిందన్నది కూడా నిజం. అందుకే ఏడాదికొకసారి పరీక్ష అతనికి జీవితాంతం తప్పదు. అంకె పెరుగుతూ పోతే మాత్ర అవసరమా అన్నది డాక్టరు చెప్పాలి, మేము కాదు.

ఇంకో జాగ్రత్త. దాహం విపరీతంగా ఉండటం, రాత్రి పదేపదే మూత్రానికి లేవడం, ప్రయత్నించకుండానే బరువు తగ్గిపోవడం కనిపిస్తే తిండి కాగితాలు రాస్తూ కూర్చోకూడదు. వయసు ఎంత చిన్నదైనా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అది ప్రీడయాబెటిస్ కాదు.

వచ్చే రంజాన్ గురించి అతను అడిగాడు. మందులు వాడని ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్లు సాధారణంగా రోజా ఉండవచ్చు. ఇన్సులిన్ గానీ షుగరు మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం రంజాన్‌కు నెలా రెండు నెలల ముందే డాక్టరును కలవాలి. అతనికి చెప్పింది ఇంతే. సహరీ మానవద్దు, అందులో గుడ్డో పప్పో ఉండాలి. ఇఫ్తార్‌లో ఖర్జూరం ఒకటి రెండు చాలు, మామూలు ఖర్జూరం ఒక్కోదానిలో అయిదారు గ్రాముల చక్కెర ఉంటుంది. షర్బత్ బదులు నీళ్లు, మజ్జిగ. ఇంటికి వచ్చాక ఒక్క కప్పు అన్నం, ఇప్పుడు తింటున్నట్లే.

మా బల్ల దగ్గర ఇప్పుడు షుగరు చూసే మిషన్ పక్కన ఒక టేపు, కొన్ని తెల్ల కాగితాలు కూడా ఉంటున్నాయి. అంకె చెప్పాక మేము అడిగే మొదటి ప్రశ్న, "నిన్న ఎన్నెన్ని గంటలకు ఏమేం తిన్నావు?" అని. రెండోది, "రంజాన్‌లో ఆఫీసులో ఇఫ్తార్‌కు ఎలా లేచావు?" అని. ఆ రెండో ప్రశ్నకు జవాబు చెబుతూ చెబుతూ చాలామంది తమ నాలుగు గంటల క్యారేజీ వేళను తామే కనుక్కుంటున్నారు. మీ ఇంట్లో రాత్రి పదకొండుకు ఇల్లు చేరే కొడుకో కూతురో ఉంటే, వాళ్లకు ఏం తినాలో చెప్పేముందు మూడు రోజుల కాగితం రాయించండి. దాన్ని పట్టుకుని మా దగ్గరకు రండి, లేదా దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి.